చిటికెన వేలి మీద ఆనెకాయ వస్తే ముందు చూడాల్సింది చెప్పులనే

ప్రశ్న: కుడికాలి చిటికెన వేలి మీద గట్టిగా కాయలా వచ్చింది. షూ వేసుకుంటే ప్రాణం పోతోంది. ఇది ఆనెకాయా, పులిపిరా? కార్న్ క్యాప్ వేసుకోవచ్చా, ఆపరేషన్ చేయించుకోవాలా?

విజయవాడలో ఒక చీరల షాపులో నేను తొమ్మిదేళ్లు సేల్స్‌లో పనిచేశాను. పొద్దున పదింటికి కౌంటర్ దగ్గర నిలబడితే మళ్లీ కూర్చునేది మధ్యాహ్నం అన్నం దగ్గరే. చీరతో పాటు నల్ల బెల్లీస్ వేసుకోవాలని రూలు. మా అందరికీ ఒకేచోట కొనిపించారు. ముందుభాగం సన్నగా, మొన తేలి ఉండేవి. నాకు అయిదో నంబరు పొడవులో సరిపోయింది కానీ వేళ్ల దగ్గర పట్టేసింది. అడిగితే షాపతను "వాడగా వాడగా వదులవుతాయమ్మా" అన్నాడు. నమ్మాను. తర్వాత బీసెంట్ రోడ్డులో చెప్పులు కుట్టే ఒక పెద్దాయనకి చూపిస్తే, "ఇది రెక్జిన్ తల్లీ, సాగదు. తోలైతే అచ్చు పెట్టి సాగదీసిచ్చేవాణ్ని" అన్నాడు. ఆ ఒక్క ముక్క కొనేరోజు ఎవరైనా చెప్పి ఉంటే రెండేళ్ల నరకం తప్పేది.

మొదట చిటికెన వేలి పైభాగంలో, కణుపు పొడుచుకొచ్చే చోట చర్మం ఎర్రబడింది. తర్వాత పచ్చగా గట్టిపడింది. కొన్నాళ్లకి మధ్యలో కందిగింజంత గట్టి ముక్క తయారైంది. దుప్పటి తగిలినా గుండుసూది దిగినట్టు ఉండేది. ఆనెకాయ నొప్పి అంతలా ఎందుకుంటుందో డాక్టరు చెప్పాకే అర్థమైంది. బయట షూ, లోపల ఎముక, మధ్యలో చర్మం నలుగుతుంది. తనని తాను కాపాడుకోవడానికి చర్మం పొరమీద పొర వేసుకుంటుంది. ఆ పొరలు మధ్యలో కోసుగా లోపలికి దిగి నరాన్ని నొక్కుతాయి. చాలామంది దాన్నే "వేరు" అంటారు. నిజానికి అది వేరు కాదు, గట్టిపడ్డ చర్మమే.

శ్రావణమాసంలో షాపు ఎలా ఉంటుందో తెలిసిందే. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు, నిలబడలేక మందుల షాపులో కార్న్ క్యాప్ కొన్నాను. ఎలా వాడాలో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అది మధ్యలో మందు, చుట్టూ ప్లాస్టర్ ఉన్న పట్టీ. ఆ మందు శాలిసిలిక్ యాసిడ్, సాధారణంగా నలభై శాతం దాకా ఉంటుంది. బుధవారం రాత్రి అంటించాను. షూలో రాసుకుని మందు ముక్క పక్కకి జరిగింది. నాకు తెలియలేదు. శుక్రవారం సాయంత్రానికి వేలంతా తడిలో నానినట్టు తెల్లగా ఉబ్బింది. పట్టీ తీస్తే పక్కనున్న మంచి చర్మం దానితోపాటే ఊడొచ్చింది. కింద ఎర్రగా పచ్చిపుండు. ఆనెకాయ మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ రాత్రి బస్‌స్టాప్ నుంచి ఇంటిదాకా బెల్లీస్ చేత్తో పట్టుకుని ఉత్తకాళ్లతో నడిచాను.

మర్నాడు చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్తే ఆవిడ ఒకే మాట అన్నారు: "ఈ మందుకి ఆనెకాయ ఏదో, మంచి చర్మం ఏదో తెలియదమ్మా, తగిలినచోటల్లా తినేస్తుంది." పుండు మానేదాకా ఆనెకాయని ముట్టుకోలేదు. పది రోజుల తర్వాత రమ్మన్నారు.

ఇక మీ అసలు ప్రశ్న, ఆనెకాయా పులిపిరా అన్నది. ఆవిడ నా వేలి మీద రెండు పరీక్షలు చేశారు. ముందు కాయని నేరుగా పైనుంచి నొక్కారు. కెవ్వుమన్నాను. తర్వాత రెండు పక్కల నుంచి గిల్లినట్టు పట్టుకున్నారు. అంత నొప్పి లేదు. పులిపిరికి సాధారణంగా ఇది తిరగబడుతుంది, పక్కల నుంచి నొక్కితేనే ఎక్కువ నొప్పి. తర్వాత బ్లేడుతో పైపొరని పలచగా చెక్కారు. రక్తం రాలేదు. మధ్యలో మైనం ముక్కలాగా కాస్త పారదర్శకంగా ఉన్న గుంజు కనిపించింది. అది ఆనెకాయ. పులిపిరి అయితే చెక్కినప్పుడు సన్నసన్న రక్తపు చుక్కలు వస్తాయి. చెక్కకముందే లోపల నల్లటి చుక్కలు కనిపించవచ్చు. అవి గడ్డకట్టిన చిన్న రక్తనాళాలు. ఈ చెక్కడం పరీక్ష మాత్రం మీరు ఇంట్లో చేయకండి, డాక్టరు చేతిలోనే జరగాలి.

మా షాపులోనే ఇంకో అమ్మాయికి మడమ పక్కన ఇలాంటిదే వచ్చింది. అదీ ఆనెకాయే అనుకుని పార్లర్‌లో బ్లేడుతో గీయించుకుంది. రక్తం వచ్చింది. రెండు నెలలకి పక్కనే మరో రెండు చిన్నవి లేచాయి. అది పులిపిరి, వైరస్ వల్ల వచ్చేది. గీరితే చుట్టుపక్కలకి పాకుతుంది. అరికాలి మీదైతే ఇంకో గుర్తు కూడా చూసుకోవచ్చు. ఆనెకాయ మీదుగా చర్మపు గీతలు సాగిపోతాయి, పులిపిరి దగ్గర చెదిరి పక్కకి తప్పుకుంటాయి. వేలి పైభాగంలో ఆ గీతలు స్పష్టంగా ఉండవు కాబట్టి మీరు చోటుని చూడండి. షూ ఎక్కడ రాసుకుంటుందో సరిగ్గా అక్కడే ఉంటే నేను ఆనెకాయనే అనుమానిస్తాను. నల్లమచ్చ పెరుగుతున్నా, దానంతట అదే రక్తం కారుతున్నా ఈ లెక్కలేవీ వద్దు, తిన్నగా డాక్టరుకి చూపించండి.

ఆ రోజు చెక్కించుకున్నాక క్లినిక్ మెట్లు దిగుతుంటేనే హాయిగా ఉంది. కానీ సోమవారం మళ్లీ అవే బెల్లీస్ వేసుకున్నాను. ఆరు వారాల్లో అదే చోట అదే కాయ. రెండోసారి వెళ్తే ఆవిడ తెల్లకాగితం మీద నన్ను నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీశారు. ఆ గీతమీద నా షూ పెట్టారు. చిటికెన వేలి దగ్గర నా పాదం షూ అంచుని దాటి బయటికి వచ్చేసింది. దాదాపు ఒక సెంటీమీటరు! రోజుకి పదకొండు గంటలు ఆ సెంటీమీటరుని లోపలికి కుక్కుతున్నానన్నమాట. ఇక మందు ఏం పనిచేస్తుంది?

అందుకే నేను గట్టిగా చెబుతున్నాను, మీ జబ్బు వేలిలో లేదు, షూలో ఉంది. మనవాళ్లలో చాలామందికి చిన్నప్పటి నుంచి ఉత్తకాళ్లతో, చెప్పులతో తిరగడం వల్ల వేళ్లు విప్పారి ఉంటాయి. ఆడవాళ్ల షూలేమో మొన తేలినవే అమ్ముతారు. పొడవుకి నంబరుంటుంది కానీ వెడల్పు గురించి అడిగితే సమాధానం ఉండదు. "నంబరు పెంచండి మేడమ్" అంటారు, పెంచితే మడమ జారుతుంది.

డాక్టరు చీటీ చూపించి మా మేనేజరుని ఒప్పించడానికి నాకు పది రోజులు పట్టింది. చివరికి ముందు వెడల్పుగా ఉన్న నల్ల షూ, ఆరో నంబరు తీసుకున్నాను. సాయంత్రం పూట కొన్నాను, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి. నిలబడి చూసుకుంటే పొడవైన వేలికి ముందు ఒక వేలెడు ఖాళీ ఉండాలి, చిటికెన వేలు కదలాలి. తర్వాత రోజూ రాత్రి పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో కాలు పెట్టి, మెత్తబడ్డాక కాలు రుద్దుకునే రాయితో నెమ్మదిగా రుద్దేదాన్ని. ఒకేరోజు ఊడిపోవాలని రుద్దకూడదు, పైన కాస్త పొడి రాలితే చాలు, మంట పుడితే ఆపేయాలి. ఆపైన డాక్టరు రాసిచ్చిన యూరియా క్రీమ్. పగలు మధ్యలో రంధ్రం ఉన్న మెత్తటి ప్యాడ్ పెట్టుకున్నాను. కాయ ఆ రంధ్రంలో ఉండాలి, ప్యాడ్ చుట్టూ ఉండాలి. కాయ మీదే దూది పెట్టి కడితే నొక్కుడు ఇంకా పెరుగుతుంది. ఇరుకు షూలో అయితే ఏ ప్యాడ్ పెట్టినా నష్టమే. ఇలా రెండు నెలలు చేస్తే మెల్లగా సన్నబడి పోయింది. మూడేళ్లయింది, మళ్లీ రాలేదు.

ఇంట్లో పెద్దవాళ్లు జీడిగింజ రసం పెట్టమంటారు, మా అత్తయ్య కూడా అన్నారు. వద్దు. అదీ కాల్చే రసమే, కార్న్ క్యాప్‌లో ఎంత మందు ఉందో డబ్బా మీదైనా రాసి ఉంటుంది, దీనికి అదీ లేదు. బ్లేడు, గోళ్ల కత్తెర కూడా ముట్టుకోకండి.

మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు. ఉంటే నేను చెప్పిన రాయి, నీళ్లు కూడా మీ అంతట మీరు మొదలుపెట్టకండి. మా పెద్దమ్మకి పదిహేనేళ్లుగా షుగర్, పాదాల్లో స్పర్శ తగ్గింది. కార్న్ క్యాప్ పెట్టుకుంది, మంట తెలియలేదు, నాలుగు రోజులు అలాగే ఉంచుకుంది. తీసేసరికి గుంటలా పుండు పడింది. రెండు నెలలు రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ చేయించాల్సి వచ్చింది. కాళ్లలో తిమ్మిరి ఉన్నవాళ్లకీ, రక్తప్రసరణ సరిగా లేనివాళ్లకీ ఇదే మాట.

ఆపరేషన్ గురించి అడిగారు. ఆనెకాయని కోసి తీసేసినా ఎముక నొక్కుతూనే ఉంటే మళ్లీ వస్తుంది, పైగా కుట్టిన మచ్చ కూడా నొప్పి పెట్టవచ్చు. వేలు వంకరగా బిగుసుకుపోయి, ఏ షూ మార్చినా తగ్గనివాళ్లకి ఎముకని సరిచేసే ఆపరేషన్ ఉంటుంది. మొదటి నెలలోనే దాని గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలు కల్పించాలని చట్టం సవరించారు. గిరాకీ లేని పావుగంట కూర్చుంటే చీరలు అమ్ముడుపోకుండా ఉండవు. మా షాపులో మాత్రం స్టూలు అడిగితే బద్ధకం అనుకునేవారు. నాతో పనిచేసిన ఆరుగురిలో నలుగురికి కాళ్ల మీద ఏదో ఒక కాయ ఉండేది.

ఈ రాత్రి పాత కాగితం మీద నిలబడి పాదం గీయించుకుని, దానిమీద మీ షూ పెట్టి చూడండి. చీము, ఎర్రదనం పాకడం, వాపు, జ్వరం ఉంటే మాత్రం కాగితం పక్కనపెట్టి రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లండి.