బాకీ ఉత్తరంలో కోపం తీసేస్తే అడిగేది కూడా పలచబడుతోంది, ఎలా రాయాలి?

ప్రశ్న: ఒక ప్రైవేటు కాలేజీకి ఏడాది పాటు కంప్యూటర్ల మెయింటెనెన్స్ చేశాను. ఇంకా 2,10,000 రావాలి, ఐదు నెలలైంది. రాసిన ఉత్తరం నేనే చదువుకుంటే తిట్ల దండకంలా ఉంది. మెత్తగా మారిస్తే అడుక్కుంటున్నట్టుంది. ఎలా రాయాలి?

జవాబు:

నాది విజయవాడలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్. 2023లో ఒక విత్తనాల కంపెనీకి డీలర్ల కోసం 2,000 డైరీలు వేసిచ్చాను. జీఎస్టీతో కలిపి బిల్లు 1,84,000. అడ్వాన్సు 60,000 ఇచ్చారు, మిగతా 1,24,000 దగ్గర ఆగింది. నవంబర్ 6న సరుకు దింపాం. ఆర్డరు కాగితంలో 30 రోజుల్లో చెల్లింపు అని వాళ్లే రాశారు. ఫిబ్రవరి వచ్చినా ఫోనెత్తితే "సార్ ఊళ్లో లేరు" అనే మాటే.

ఒక రాత్రి కూర్చుని ఉత్తరం రాశాను. అందులో కొన్ని వాక్యాలు ఇవి: "మీలాంటి వాళ్లని నమ్మడం నా బుద్ధి తక్కువ. వంద డైరీల్లో కటింగ్ తేడా వచ్చిందని మొత్తం డబ్బు తొక్కిపెడతారా? వారంలో ఇవ్వకపోతే చీటింగ్ కేసు పెడతా, మీ డీలర్లందరికీ చెబుతా."

పొద్దున్నే మా బాబాయికి చూపించాను. కోఆపరేటివ్ బ్యాంకులో పని చేసి రిటైరైన మనిషి. "ఇది ఉత్తరమా, శాపనార్థాలా? సరే, అది పోనీ. కటింగ్ తేడా సంగతి వాళ్లెప్పుడైనా కాగితం మీద పెట్టారా?" అన్నాడు. పెట్టలేదు, ఫోన్లోనే చెప్పారు. ఆ వంద డైరీలూ నేను నవంబర్ 20న మార్చి ఇచ్చేశాను కూడా. "మరి మార్చినట్టు రాయకుండా తేడా వచ్చిందని మాత్రం నీ చేత్తో రాసిస్తున్నావేంట్రా?" అన్నాడు.

కోపంలో రాసిన ఉత్తరంతో అసలు నష్టం ఇదే. తిట్లకు ఎదుటివాడు నొచ్చుకోవడం చిన్న సంగతి. డబ్బు ఆపడానికి వాడికి లేని సాకును మనమే అందిస్తాం. ఇక చీటింగ్ కేసు అంటారా, బిల్లు ఆలస్యం మామూలుగా సివిల్ గొడవ. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించగలిగితే తప్ప ఆ కేసు నిలబడదు, ఆ సంగతి వాళ్ల లాయరుకు తెలుసు. డీలర్లకు చెబుతానన్న మాట తిరిగి నా మీదే పరువునష్టం నోటీసుగా రావచ్చు.

దాంతో నేను పూర్తిగా అటువైపు ఒరిగిపోయాను. రెండో చిత్తు ఇలా తయారైంది: "తమరి ఇబ్బందులు మాకు తెలుసు. వీలు చూసుకుని మా చిన్న బాకీ సంగతి పరిశీలించగలరని మనవి." బాబాయి ఇది చదివి నవ్వాడు. ఎంతో లేదు, ఎప్పటిలోగానో లేదు. "వీలు చూసుకుని" అన్నాక గడువు దాటిందని నేనే మాఫీ చేసినట్టు. మీరు చెప్పిన "అడుక్కుంటున్నట్టు" ఇక్కడే మొదలవుతుంది. మర్యాద వల్ల కాదు, అంకె, తేదీ ఎగిరిపోవడం వల్ల.

మూడోసారి మొదటి చిత్తునే ముందు పెట్టుకున్నాం. ఒక్కో తిట్టు దగ్గర ఆగి, దీని వెనక ఉన్న సంగతేంటి, దానికి కాగితం ఉందా అని చూశాం. "నమ్మడం బుద్ధి తక్కువ" వెనక ఉన్నది ఆర్డరులోని 30 రోజుల మాట. "తొక్కిపెడతారా" వెనక ఉన్నది 68 రోజుల ఆలస్యం. కటింగ్ వాక్యం వెనక ఉన్నది, మార్చి ఇచ్చినప్పుడు వాళ్ల స్టోర్స్‌లో ముద్ర వేసిన చలానా. కాగితం లేని వాక్యాన్ని కొట్టేశాం. మిగిలింది ఇది:

"విషయం: డైరీల ముద్రణ బిల్లు, బాకీ 1,24,000 రూపాయలు

అయ్యా, మీ ఆర్డరు ప్రకారం 2,000 డైరీలు 6-11-2023న మీ స్టోర్స్‌కు అందజేశాం. కటింగ్ తేడా ఉన్నాయని ఫోన్లో చెప్పిన 100 ప్రతులను 20-11-2023న మార్చి ఇచ్చాం. ఆ తరువాత సరుకుపై మీ నుంచి ఏ అభ్యంతరమూ రాలేదు. ఆర్డరులోని షరతు ప్రకారం 6-12-2023 నాటికి రావలసిన 1,24,000 రూపాయలు నేటికి 68 రోజులుగా అందలేదు.

ఈ మొత్తాన్ని 26-2-2024 లోగా బిల్లుపై ఉన్న బ్యాంకు ఖాతాకు చెల్లించవలసిందిగా కోరుతున్నాం. బిల్లులో ఏదైనా అంశంపై అభ్యంతరం ఉంటే ఆ తేదీలోగానే రాతపూర్వకంగా తెలియజేయండి. మాది ఉద్యంలో నమోదైన సూక్ష్మ సంస్థ. గడువులోగా చెల్లింపు అందకపోతే ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం వడ్డీతో సహా ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేస్తాం.

జత: ఆర్డరు, బిల్లు, రెండు చలానాల నకళ్లు."

చదివి చూడండి, ఇందులో తిట్టు లేదు, బతిమాలడమూ లేదు. "కోరుతున్నాం" అన్నది మర్యాద, "26-2-2024 లోగా" అన్నది డిమాండు. అభ్యంతరం ఉంటే రాయమన్న వాక్యం బాబాయి పట్టుబట్టి పెట్టించాడు. వాళ్లు రాస్తే గొడవేంటో తెలుస్తుంది, రాయకపోతే ఆ మౌనం రేపు మనకు పనికొస్తుంది.

చివరి వాక్యం ఉత్త బెదిరింపు కాకూడదు. చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ సరుకు ఇచ్చేనాటికే నాకు ఉంది. ఫెసిలిటేషన్ కౌన్సిల్ అంటే అలాంటి సంస్థల బాకీ గొడవలు తేల్చడానికి ఎంఎస్ఎంఈడీ చట్టం కింద పెట్టిన మండలి. ఆ చట్టంలో సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. అప్పట్లో ఆ రేటు 6.75 శాతం, అంటే నాకు నెలకు దాదాపు 2,090 రూపాయలు. పైగా 2023-24 నుంచి, ఇలా గడువు దాటిన బిల్లును చెల్లించేదాకా కొనుగోలుదారు ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేడు. మార్చి దగ్గర పడుతుంటే వాళ్ల ఆడిటరే గుర్తు చేస్తాడు, ఆ పని నేను చేయక్కర్లేదు. మీకు పని మొదలెట్టేనాటికి ఉద్యం లేకపోతే ఈ వాక్యం రాయకండి, "చట్టపరంగా వసూలుకు నోటీసు పంపుతాం" అంటే చాలు. నిజంగా చేయబోయేదే రాయాలి.

మీ విషయంలో ఇంకొకటి చూడండి. సర్వీసు బిల్లు కాబట్టి కాలేజీ టీడీఎస్ పట్టి ఉండవచ్చు. ఆదాయపు పన్ను పోర్టల్లో, మీ పేరున ఎవరెవరు ఎంత పన్ను పట్టారో చూపించే 26AS తెరవండి. ఈ బాకీ బిల్లు మీద టీడీఎస్ కనిపిస్తే, మీ బిల్లును వాళ్లు లెక్కల్లోకి ఎక్కించుకున్నట్టే. ఇక "బిల్లే అందలేదు" అనడం వాళ్లకు కష్టం. ఆ తేదీ, మొత్తం ఉత్తరంలో ఒక వాక్యంగా పెట్టండి.

ఉత్తరం అకౌంట్స్ గుమస్తా పేరున రాస్తే అతని డ్రాయర్లోనే ఉంటుంది. ఆర్డరు మీద సంతకం చేసినవారి పేరున రాసి, అకౌంట్స్‌కు నకలు పెట్టాను. ఈమెయిల్ చేసి, అదే రోజు స్పీడ్ పోస్టులోనూ పంపాను. రసీదు బిల్లుకు పిన్ను కొట్టుకున్నాను.

ఫిబ్రవరి 23న లక్ష పడింది. మిగతా 24,000 మార్చి మొదటి వారంలో వేస్తామని మెయిల్ వచ్చింది, అన్నట్టే వేశారు. వడ్డీ అడగలేదు. ఆ తర్వాతి ఏడాది డైరీలూ నేనే వేశాను, కాకపోతే సగం అడ్వాన్సు తీసుకుని.