తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిన పెద్దాయన

“అమ్మా, నాకు 33 ఏళ్లు. ప్రమోషన్ మీద ఓ చిన్న బ్యాంకు బ్రాంచికి మేనేజరుగా వచ్చి ఐదు రోజులైంది. ఉన్న ఆరుగురూ నాకంటే పెద్దవాళ్లే. నేను గదిలోంచి బయటికొస్తే మాటలు ఆగిపోతాయి. ఆరు నెలలు ఇన్‌ఛార్జిగా చేసిన సీనియర్ ఆఫీసరు గారు మొదటి రోజు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆయన నొచ్చుకుంటారని క్యాష్ లెక్కపెట్టకుండానే ఛార్జి కాగితాల మీద సంతకం చేసేశాను. వీళ్లతో కఠినంగా ఉండాలా, మెత్తగా ఉండాలా? ట్రాన్స్‌ఫర్ అడిగితే నవ్వుతారా?”

నవ్వుతారు. ఐదు రోజులకే ట్రాన్స్‌ఫర్ ఏమిటమ్మా? కఠినమా మెత్తనా అన్నది కూడా పక్కన పెట్టు. ఆరుగురి గురించి రాశావు గానీ నీ గొడవ ఒక్కరితోనే. ఆయన ముఖం చూసే మిగతా ఐదుగురూ నీతో మాట్లాడాలా వద్దా అని తేల్చుకుంటున్నారు.

లెక్కపెట్టకుండా సంతకం చేయడం ఆయనకిచ్చిన మర్యాద అనుకున్నావు. నా దృష్టిలో అది అవమానం. రేపెప్పుడో క్యాష్‌లో తేడా వస్తే అది ఎవరి హయాంలో పోయిందో ఎవరూ చెప్పలేరు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి నెత్తిన ఆ అనుమానం మోపినట్టే కదా! పక్కన కూర్చోబెట్టుకుని లెక్కపెడితే, ఆయన అంతా సరిగ్గా అప్పగించారని నీ సంతకమే సాక్ష్యం చెబుతుంది.

ఈ శీర్షిక రాయకముందు నేనూ బ్యాంకులోనే చేశాను. నా మొదటి బ్రాంచిలోనూ ఇలాంటి పెద్దాయనే ఉండేవారు. క్యాష్ మాత్రం మొదటి రోజే లెక్కపెట్టాను, ఆయన చూస్తుండగానే. తెలివితక్కువతనం రెండో రోజు బయటపడింది. కౌంటర్లు అటూ ఇటూ మార్పించాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఔననలేదు. మూడో రోజు సాయంత్రం క్యాష్ 900 తగ్గింది. క్యాషియరు రెండుసార్లు లెక్కపెట్టాడు. తగ్గితే కట్టాల్సింది అతనే కాబట్టి చేతులు వణుకుతున్నాయి. “ఎవరికో ఎక్కువిచ్చి ఉంటావు” అన్నాను నేను. అనకుండా ఉండాల్సింది.

పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ, “900 తొమ్మిదితో పోతుంది మేడమ్. అంకెలు తారుమారై ఉంటాయి, చెల్లింపుల వోచర్లు తెమ్మనండి” అన్నారు. పక్కపక్క అంకెలు రెండు చోటు మారితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుంది. తొమ్మిదితో పోయిన ప్రతి తేడా తారుమారే కానక్కర్లేదు గానీ, వెతకడం అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. పదిహేనో ఇరవయ్యో వోచర్లు తిప్పేసరికి దొరికింది. ఇచ్చింది 5,400, కంప్యూటర్లో పడింది 4,500. పుస్తకం 4,500 మాత్రమే తగ్గించుకుంది, పెట్టెలోంచి 5,400 వెళ్లింది.

ఎంట్రీ వేసింది క్లర్కు. పాస్ చేసింది నేను. అక్షరాల్లో రాసిన మొత్తం వైపు చూడనైనా లేదు. పెద్దాయన ఆ వోచరు నా ముందు పెట్టి ఏమీ అనలేదు. నేనే అందరి ముందూ చెప్పాను, “ఇది నేను పాస్ చేసింది. తప్పు నాది. నిన్ను అన్నందుకు ఏమీ అనుకోకు” అని క్యాషియరుతో. రోజు మూసేలోపే ఆ ఎంట్రీ రద్దు చేసి సరైనది వేయించాం. మర్నాడు పొద్దున ఆయనంతట ఆయనే నా గదిలోకి వచ్చి, “కౌంటర్లు పాత చోటికి మార్చేద్దామా? మోకాళ్ల నొప్పులున్న ఆవిడకి కొత్త చోటు దూరమవుతోంది” అన్నారు. మార్చేశాం. అంతమాత్రాన అందరూ నావాళ్లైపోయారనుకోకు. ఒకాయన నేను బదిలీ అయ్యేదాకా నాతో ముక్తసరిగానే ఉన్నాడు. పని మాత్రం చేశాడు. అది చాలదూ?

సోమవారం ఆయన్ని నీ గదికి పిలవకు, ఆయన బల్ల దగ్గరికి నువ్వే వెళ్లు. “మొదటి రోజు నేను చేయాల్సిన పని ఎగ్గొట్టాను సార్. ఈ సాయంత్రం మీరు, క్యాషియరు గారు, నేను కలిసి కూర్చుందాం” అను. క్షమించమని నాలుగుసార్లు అడగొద్దు. నువ్వు మేనేజరువి. కట్టలు, విడి నోట్లు, తాకట్టు బంగారం ప్యాకెట్లు, వాడని చెక్కుబుక్కులు అన్నీ రిజిస్టరుతో పోల్చండి. రిజిస్టర్లో ఆ రోజు తేదీయే వేయి. పాత తేదీ వేసి సర్దుదామని ఎవరన్నా ఒప్పుకోకు. తేడా ఉంటే ఆ రోజే పై ఆఫీసుకు రాయి, రాసేది ఆయనకి చూపించాకే పంపు.

లెక్క అయ్యాక తాళం ఈసారి బల్ల మీంచి తీసుకోకు. ఆయన చేతిలోంచి తీసుకో.