పాయ అంటే ఏరా, కూరా?

సందేహం: పి.గన్నవరం దగ్గర వైనతేయ ఒడ్డున ఒక షార్ట్ ఫిల్మ్ తీశాం. పొలం పంచుకుని అన్నదమ్ములు విడిపోయే కథ. ‘పాయ’ అని పేరు పెట్టుకున్నాం. యూట్యూబ్‌లో paya అని కొడితే మేకకాళ్ల సూప్ వస్తోంది. ‘ఏడు పాయలు’ బాగుంటుందని ఒకరు, ‘డెల్టా డైరీస్’ అని ఇంకొకరు అంటున్నారు. అసలు పాయలో విడిపోవడం అనే అర్థం ఉందా? పేరు మార్చాలా? – ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: అర్థం ఉండటమేమిటండీ, ఆ మాట పుట్టిందే విడిపోవడంలోంచి! పాయు అంటే విడుచు, ఎడమగు. దానికి ముందు ఎడ చేరితే ఎడబాయు. ‘ఎడబాసి’, ‘ప్రాణాలు బాసి’ అన్నప్పుడు వినిపించే బాయు ఇదే. పాత కావ్యాల్లో ‘పాయని’ అంటే విడువని. ఇప్పుడు అన్నదమ్ములు ‘సెపరేట్ అయిపోయారు’ అంటున్నాం, ఇంత మంచి క్రియ నిఘంటువులో మూల కూర్చుంది. మీరు దాన్ని సినిమా పేరుగానైనా బయటికి తెస్తున్నందుకు సంతోషం.

ఈ మాటలో నాకు నచ్చే సంగతి ఇంకొకటుంది. జడ అల్లేటప్పుడు అమ్మ జుట్టును మూడు పాయలు తీస్తుంది, మళ్లీ కలపడానికే. వెల్లుల్లి పాయలు విడివిడిగా ఉన్నా ఒకే గడ్డవి. ఏటిపాయ అలా కాదు. వైనతేయ మీ గన్నవరం దగ్గర గోదావరి పాయైన వశిష్ఠ నుంచి చీలి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వశిష్ఠ అంతర్వేదికి పోతుంది. చీలాక ఆ రెండూ మళ్లీ కలిసేది సముద్రంలోనే. పొలం పంచుకున్న అన్నదమ్ములకు ఇంతకన్నా సరిపడే మాట దొరకదు. కాబట్టి మూడ్ విషయంలో మీ పేరుకు నేను వంక పెట్టను.

సూప్ సంగతి వేరు. అది పాయా. పారసీలో కాలు అని అర్థం, ఉర్దూ మీదుగా మన హోటళ్లకు వచ్చింది. మన పాయకు దానితో చుట్టరికం లేదు. తెలుగులో రాస్తే చివరి దీర్ఘమైనా తేడా చూపిస్తుంది, ఇంగ్లిషు అక్షరాల్లో రెండూ paya నే. వెతికేవాడు పాయసం కొట్టబోయినా ముందు ఆ నాలుగక్షరాలే పడతాయి. ఒంటి మాటతో ఆ వంటల మధ్య మీ సినిమా పైకి తేలడం కష్టం.

‘ఏడు పాయలు’ చెవికి ఇంపే, సప్తగోదావరి గుర్తొస్తుంది. కానీ ఆ పేరు మెదక్ దగ్గర మంజీర ఒడ్డున వనదుర్గ ఆలయానికి ఎప్పుడో స్థిరపడింది. వెతికినవాళ్లకు జాతర వీడియోలే ఎదురవుతాయి. పైగా సప్తర్షుల పేర్లతో చెప్పుకునే గోదావరి ఏడు పాయల్లో మీ వైనతేయ లేదు, అది గరుత్మంతుడి పేరు. ఇక ‘డెల్టా డైరీస్’... కథలో ఎవరైనా డైరీ రాస్తున్నారా? లేకపోతే దాన్ని వదిలేయండి.

నా సలహా: పాయను ఉంచి, దాని ముందు వంటింటికి చెందని మాట ఒకటి పెట్టండి. ‘వైనతేయ పాయ’ అనుకోండి. వైనతేయ అని ఒక్కటే కొడితే గరుడ స్తోత్రాలు రావచ్చు, పాయ అంటే సూప్. రెండూ కలిస్తే అటు స్తోత్రానికీ ఇటు సూప్‌కీ చెందదు. అయినా నా మాట నమ్మకండి, పరీక్షించండి. మీ ఫోన్ మీరు ఇన్నాళ్లూ వెతికినవి గుర్తుపెట్టుకుని మీకు నచ్చేవే ముందు చూపిస్తుంది కాబట్టి ఇన్‌కాగ్నిటో విండో తెరిచి చూడండి. ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లిషు అక్షరాల్లో. తర్వాత సినిమా సంగతి తెలియని వాళ్లెవరికైనా పేరు నోటితో చెప్పి, వాళ్ల చేత టైప్ చేయించండి. ఒకరు vainateya అంటారు, ఒకరు vainatheya, ఇంకొకరు vynateya. ఎక్కువమంది కొట్టిన స్పెల్లింగును వీడియో టైటిల్‌లో తెలుగు పేరు పక్కన పెట్టండి:

```
వైనతేయ పాయ | Vainateya Paya
```

మిగతా స్పెల్లింగులు ట్యాగుల్లో వేస్తే చాలు. జనం తరచు తప్పుగా రాసే పేర్లకే ట్యాగులు పనికొస్తాయని, మిగతా వాటికి వాటి పాత్ర స్వల్పమని యూట్యూబే చెబుతోంది. డిస్క్రిప్షన్‌లో ట్యాగులు గుప్పిస్తే నిబంధనలకే విరుద్ధం. పాటలు విడిగా ఆల్బమ్‌గా వేస్తే ఆ ‘షార్ట్ ఫిల్మ్ సాంగ్స్ తెలుగు’ తోకలు పేరుకు తగిలించకండి, పాటల యాప్‌లు వాటిని ఒప్పుకోవు. సినిమాకు వాడిన స్పెల్లింగే అక్కడా ఉండాలి.

పోస్టర్ మీద మాత్రం ‘పాయ’ ఒక్కటే పెద్దగా రాసి, వైనతేయను పైన చిన్నగా వేసుకోవచ్చు. పోస్టర్ చూసేవాడు వెతకడు, చదువుతాడు. రెండు మాటలూ కలిపి పలికితే కాస్త బరువుగా ఉందనిపిస్తే ‘ఏటిపాయ’ కూడా ఆలోచించండి. అది తేలిక, తెలుగుదనమూ ఎక్కువే. కాకపోతే ఏ ఏరో చెప్పదు. నేను వైనతేయ వైపే కొంచెం మొగ్గుతున్నాను గానీ, పట్టుబట్టను.