టిక్‌టిక్ శబ్దం స్టెబిలైజర్‌ది, రోగం తీగది

ప్రశ్న: ఏసీ స్టెబిలైజర్ సాయంత్రమైతే చాలు, టిక్‌టిక్‌మంటూనే ఉంటోంది. మధ్యలో అవుట్‌పుట్ ఆగిపోయి మూడు నిమిషాలకు మళ్లీ వస్తోంది. రిలే పోయిందా? ఇంకా ఎక్కువ రేంజ్ ఉన్నది కొనాలా? ఈలోగా ఫ్రిజ్, టీవీలను ఎలా కాపాడుకోవాలి?

ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు స్టెబిలైజర్ మీద ఇన్‌పుట్ అంకె చూడండి. ఏసీ ఆపి ఒకసారి, కంప్రెసర్ నడుస్తుండగా ఒకసారి. అదే సమయంలో ఇంకో గదిలోని సాకెట్‌కు చిన్న ప్లగ్ వోల్ట్‌మీటర్ పెట్టి దాన్నీ చూడండి.

మొదటి అంకె 198, రెండోది 170 అనుకుందాం. ఇంకో గదిలో మాత్రం పెద్దగా తగ్గలేదు. అంటే పడిపోయిన 28 వోల్టులు వీధిలో పోలేదు, మీ ఏసీ లైన్‌లోనే ఎక్కడో పోయాయి. 1,500 వాట్ల ఏసీ 170 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 28ని 9తో గుణించండి: దాదాపు 250 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ చిన్నదైతే 25 వాట్లు ఉంటుంది. అలాంటివి పది కలిస్తే ఎంత వేడో, అంత వేడి మీ గోడలో పుడుతోంది. తీగ సన్నదైతే ఆ వేడి పొడవునా పరుచుకుంటుంది. సాకెట్‌లోనో ఎంసీబీ దగ్గరో స్క్రూ వదులైతే మాత్రం అంతా ఒక్కచోటే చేరుతుంది. ఏసీ అరగంట నడిచాక ప్లగ్ వేడెక్కినా, ప్లాస్టిక్ పసుపు తిరిగినా, మాడు వాసన వచ్చినా ఎంసీబీ దించి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నన్ను భయపెట్టేది ఇదే, రిలే కాదు.

మీరడిగిన ఎక్కువ రేంజ్ స్టెబిలైజర్ ఈ వేడిని పెంచుతుంది. వోల్టేజీని పెంచి ఇచ్చేకొద్దీ లైన్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది, లైన్ ఇంకా కుంగుతుంది. ఇప్పుడున్నది కట్ అవుతూ మిమ్మల్ని కాపాడుతోంది. పెట్టె మీద రేంజ్‌ను అంత పెద్ద అక్షరాలతో అచ్చు వేసేవాళ్లు, ఆ రేంజ్ కింది అంచున అవుట్‌పుట్ ఎంతో, ఎంత లోడ్ మోయగలదో ఎందుకు వేయరో నాకు అర్థం కాదు.

రెండు గదుల్లోనూ ఒకేలా పడిపోతే లోపం మీటర్ దగ్గరో, బయటి సరఫరాలోనో ఉంది. మూడు ఫేజుల ఇంట్లో ఒక గదిలో తగ్గుతూ ఇంకో గదిలో పెరుగుతుంటే న్యూట్రల్ వదులైందని అనుమానించాలి. అప్పుడు ఆలోచించకండి, మెయిన్ దించేయండి.

ఇక రిలే సంగతి. స్టెబిలైజర్‌లో ట్రాన్స్‌ఫార్మర్‌కు మెట్లు ఉంటాయి, రిలే మెట్టు మార్చిన ప్రతిసారీ టిక్‌మంటుంది. మీ వోల్టేజీ సరిగ్గా మెట్టు మారే అంకె దగ్గరే ఊగుతోంది గనుక ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇలాంటి పవర్ రిలేలకు పూర్తి లోడ్‌లో సాధారణంగా లక్ష మార్పుల ఆయుష్షు చెబుతారు. నిమిషానికో టిక్ చొప్పున రోజంతా కొట్టుకుంటే 1,440. లక్షకు 70 రోజులు పట్టదు. మోటార్ లోడ్‌కైతే ఇంకా ముందే అరుగుతుంది.

అరిగిన రిలే ఊరికే ఆగిపోతే మంచిదే. ఒక్కోసారి నిప్పురవ్వలకు కాంటాక్టులు కరిగి అతుక్కుపోతాయి. 180ని 225 చేసే మెట్టులో అలా ఇరుక్కుందనుకోండి, అర్ధరాత్రి సరఫరా 235కి చేరగానే అవుట్‌పుట్ 294 అవుతుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో టిక్‌టిక్ ఆగిపోయిందని సంతోషించారు, ఆగింది ఇందుకే. అందుకని సరఫరా బాగున్న వేళ ఏసీ ప్లగ్ తీసేసి, అవుట్‌పుట్‌ను విడిగా మీటర్‌తో కొలిపించండి. ఇన్‌పుట్ 230 ఉండగా అవుట్‌పుట్ 280 చూపిస్తే ఆ పెట్టెను పక్కన పెట్టేయండి. టిక్ కాకుండా గర్‌ర్‌మని కొట్టుకుంటుంటే రిలే గానీ దాన్ని నడిపే బోర్డు గానీ చెడి ఉండొచ్చు, రిపేరుకివ్వండి.

లైన్ సరయ్యేదాకా ఏసీ ఆపేయండి. స్టెబిలైజర్‌ను దాటవేసి నేరుగా మాత్రం పెట్టకండి. ఫ్రిజ్‌కు తక్కువ వోల్టేజీయే శత్రువు: కంప్రెసర్ తిరగలేక మూలుగుతూ వేడెక్కుతుంది. దానికి తక్కువైనా ఎక్కువైనా కట్ చేసి, మూడు నిమిషాలు ఆగి కలిపే వోల్టేజీ ప్రొటెక్టర్ పెట్టండి. ఆ మూడు నిమిషాల ఆలస్యాన్ని విసుగుతో తీయించకండి, కంప్రెసర్‌లో ఒత్తిడి దిగడానికి ఆ సమయం కావాలి. టీవీ వెనక 100–240 అని ఉంటే తక్కువ వోల్టేజీ గురించి దిగులు లేదు. ఎక్కువైనప్పుడు కట్ అయ్యే ప్రొటెక్టర్ చాలు. స్పైక్ గార్డ్‌ను నమ్ముకోకండి. అది క్షణంలో వచ్చి పోయే పోటును ఆపుతుంది, గంటసేపు నిలిచిన 290ని కాదు.