ఆ 12 వరుసలు ముందే సరిచేసి పంపండి

ప్రశ్న: "నమస్తే మేడమ్. నేను డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ఎక్సెల్ బాగా వచ్చు. ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైటులో ప్రొఫైల్ పెట్టి, చిన్న చిన్న డేటా పనులకు ఇరవై దాకా ప్రపోజల్స్ పంపాను. ఒక్కరూ జవాబివ్వలేదు. నాకు ఒక్క రివ్యూ కూడా లేదు. ఏం రాస్తే మొదటి పని ఇస్తారు? నేను పంపిన ప్రపోజల్ ఒకటీ, నేను చేయాలనుకుంటున్న పని ప్రకటన ఒకటీ జతచేస్తున్నాను."

జవాబు:

మీ ప్రపోజల్ చదివాను. "డియర్ సర్, నాకు ఎక్సెల్, వర్డ్, పవర్‌పాయింట్ వచ్చు, కష్టపడి పనిచేస్తాను, ఒక్క అవకాశం ఇవ్వండి" అని మొదలుపెట్టారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అదే ఉత్తరాన్ని ఏ ప్రకటనకైనా పంపొచ్చు. చదివే మనిషికి తన ఫైలు గురించి అందులో ఒక్క మాటా దొరకదు.

పైగా క్లయింట్ ఆ ఉత్తరాన్ని పూర్తిగా చూసి ఉండకపోవచ్చు. వచ్చిన ప్రపోజల్స్ అన్నీ అతనికి ఒక జాబితాగా కనిపిస్తాయి. మీ పేరు, మీరు అడిగిన ధర, ఉత్తరంలో మొదటి ఒకటి రెండు వాక్యాలు, అంతే. మిగతాది చదవాలంటే తెరవాలి. ఆ రెండు వాక్యాలూ మీరు పలకరింపుకే ఖర్చుపెట్టేశారు.

రివ్యూ చేసే పని ఒక్కటే. ఈ మనిషి నా ఫైలు చెడగొట్టడు, మధ్యలో మాయమైపోడు అన్న ధైర్యం ఇస్తుంది. మీ దగ్గర రివ్యూ లేదు కాబట్టి ఆ ధైర్యాన్ని మరో దారిలో ఇవ్వాలి. డేటా పనుల్లో ఆ దారి సులువు. అడిగిన పనిలోంచి చిన్న ముక్క చేసి చూపించొచ్చు.

మీరు జతచేసిన ప్రకటననే తీసుకుందాం. మూడు షీట్లు కలిపిన కస్టమర్ల జాబితా, మొత్తం 600 వరుసలు. పేర్లు రెండుసార్లు వచ్చాయి, ఫోన్ నంబర్లు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉన్నాయి, శుక్రవారానికి శుభ్రం చేసివ్వాలి. నమూనాగా 12 వరుసలున్న చిత్రం కూడా పెట్టాడు. ఆ 12 వరుసలు టైప్ చేసి, సరిచేసి, ప్రపోజల్‌కు జతచేయండి. ఉత్తరం ఇలా ఉండొచ్చు. ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే పంపాలి, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

"మీరు పెట్టిన 12 వరుసలు సరిచేసి జతచేశాను. మూడు పేర్లు రెండుసార్లు వచ్చాయి, అవి తీసేస్తే 9 మిగిలాయి. ఇద్దరికి ఫోన్ నంబరు ఒకటే, పేర్లు వేరు. ఒకే ఇంటివాళ్లు కావచ్చని తీసేయకుండా పసుపు రంగు వేసి ఉంచాను. ఇలాంటివి పూర్తి ఫైల్లో వస్తే కలపమంటారా, విడిగా ఉంచమంటారా?

సున్నాతో మొదలయ్యే నంబర్లలో సున్నా పోకుండా ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఉంచుతాను. మీ అసలు ఫైలు అలాగే ఉంటుంది. శుభ్రం చేసిన జాబితా ఒక షీటులో, తీసేసిన వరుసలన్నీ ఇంకో షీటులో ఇస్తాను. మొదటి 100 వరుసలు బుధవారం సాయంత్రానికి పంపుతాను. మీరు చూసి సరేనన్నాక మిగతావి గురువారం రాత్రికి పూర్తిచేస్తాను. ఈ సైటులో ఇది నా మొదటి పని."

ఇంతే. ఇందులో అన్నిటికన్నా బలమైనది ఆ ప్రశ్న. ఎక్సెల్‌లో రిమూవ్ డూప్లికేట్స్ నొక్కడం అందరికీ తెలుసు. అది మొదటి వరుసను ఉంచి మిగతావి తీసేస్తుంది. ఫోన్ కాలమ్ ఒక్కటే చూసి తీసేయమంటే, ఒకే నంబరున్న ఇద్దరిలో ఒకరు మాయమవుతారు. పేరు కూడా చూడమంటే, పేరు చివర ఒక్క ఖాళీ స్పేస్ ఎక్కువున్నా ఇద్దరు వేరనుకుని రెండూ వదిలేస్తుంది. ఈ ఇబ్బంది ఫైలు తెరిచి చూసినవాళ్లకే తెలుస్తుంది. మీ ప్రశ్న చదవగానే ఈ మనిషి నా ఫైలు చూశాడని క్లయింట్‌కు అర్థమవుతుంది. పైగా దానికి ఒక్క ముక్కలో జవాబివ్వొచ్చు, కాబట్టి ఇవ్వడం అతనికి తేలిక. ఒక్క ప్రశ్నే అడగండి. ఐదు అడిగితే ఆ పని అతని నెత్తిన పడుతుంది.

తీసేసిన వరుసలకు వేరే షీటు ఎందుకంటే, ఇలాంటి పని ఇచ్చేవాళ్ల అసలు భయం కస్టమర్ల వివరాలు పోతాయనే. ఆ షీటు ఉంటే, తప్పు జరిగినా తిరిగి పెట్టుకోవచ్చు.

మొదటి పని అన్న సంగతి దాచకండి, ప్రొఫైల్లో ఎలాగూ కనిపిస్తుంది. అయితే చివర్లో ఒక్కసారి చెప్పండి, బతిమాలకండి. అవకాశం ఇవ్వండి అని రాయగానే మాట అతని ఫైలు వదిలి మీ అవసరం మీదికి పోతుంది.

ధర విషయంలో చాలామంది పిల్లలు అందరికన్నా తక్కువ అడిగితే చాలనుకుంటారు. అది నాకు నచ్చదు. మరీ తక్కువ అడిగితే, పనెంతో వీళ్లకు తెలియలేదని క్లయింట్ అనుకుంటాడు. మీరు చేసిన ముక్కతోనే లెక్క వేయండి. 12 వరుసల్లో ఒక అనుమానపు జంట వచ్చింది. ఆ లెక్కన 600 వరుసల్లో 50 దాకా రావచ్చు. ఒక్కోదానికి రెండు నిమిషాలంటే 100 నిమిషాలు. ఫార్ములాలకు, చివర్లో సరిచూసుకోవడానికి రెండు గంటలు కలిపితే నాలుగు గంటల లోపు పని. ఆ గంటలకు మీకు గిట్టేదెంతో చూసుకుని అడగండి. అతను చెప్పిన బడ్జెట్ కన్నా కొంచెం తగ్గినా ఫర్వాలేదు, పావు వంతుకు దిగకండి.

అప్‌వర్క్‌లో ప్రపోజల్ పంపాలంటే కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి. అందుకే ఇరవై చోట్ల ఒకే ఉత్తరం పంపేకన్నా, వారానికి మూడు నాలుగు ఇలా రాయడం మేలు. ప్రకటన కొత్తదై ఉండాలి, క్లయింట్ పేమెంట్ పద్ధతి వెరిఫై అయి ఉండాలి, ముక్క చేసి చూపడానికి వీలుగా నమూనా కనిపించాలి. నమూనా లేని ప్రకటనకైతే, మీరే అలాంటి పది వరుసల తప్పుల జాబితా తయారుచేసి, ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టి జతచేయొచ్చు. క్లయింట్ ఇచ్చిన కస్టమర్ల పేర్లను మాత్రం మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టకండి.

ఒకవేళ అతను "బాగుంది, ముందు మొత్తం ఫైలు చేసి చూపించు, తర్వాత చూద్దాం" అన్నాడనుకోండి. ఉచితంగా పని చేయించుకోవడం సైటు నియమాలకు విరుద్ధం. కాంట్రాక్టుకు ముందే బయట మాట్లాడుకుని బయటే డబ్బు తీసుకోమనడం కూడా అంతే. అప్పుడు ఇలా రాయండి: "మొదటి 100 వరుసలను ఒక మైల్‌స్టోన్‌గా, అంటే పనిలో విడి దశగా పెట్టి డబ్బు జమచేయండి, ఈరోజే మొదలుపెడతాను." ఆ డబ్బు ఎస్క్రోలో, అంటే ఇద్దరి మధ్యా భద్రంగా ఉంటుంది. మీరు పని అప్పగించాక అతను 14 రోజుల్లో ఏమీ చెప్పకపోతే దానంతటదే మీకు విడుదలవుతుంది. మైల్‌స్టోన్‌కు డబ్బు జమైనట్టు మీ స్క్రీన్ మీద కనిపించేదాకా 13వ వరుస ముట్టుకోకండి.