కవితా పంక్తిని ఉదహరించాక దాని భావమే మళ్లీ రాసేస్తున్నాను, విశ్లేషణ ఎలా రాయాలి?

ప్రశ్న: గురజాడ ‘దేశభక్తి’ గేయం మీద వ్యాసం రాశాను. ఒక పేరా పక్కన “కవి చెప్పిందే తిరిగి చెప్పారు, విశ్లేషణ లేదు” అని రాసి ఇచ్చారు. పేరా ఇది: “గురజాడ ఈ గేయంలో గొప్ప సందేశమిచ్చారు. ‘వట్టి మాటలు కట్టిపెట్టోయ్, గట్టి మేల్ తలపెట్టవోయ్’ అన్నారు. అంటే ఉత్త మాటలు మానేసి మంచి పనులు చేయమని కవి చెబుతున్నారు. దీన్నిబట్టి ఆయనకు దేశం మీద ఎంత ప్రేమ ఉందో తెలుస్తుంది.” దీన్ని ఎలా తిరగరాయాలి?

జవాబు: మీ పేరాలో చిక్కంతా “అంటే” దగ్గర మొదలైంది. ఆ మాట రాయగానే చెయ్యి దానంతటదే భావం రాసుకుంటూ పోతుంది. విద్యార్థుల వ్యాసాలు దిద్దేటప్పుడు నేను ముందు వెతికేది ఆ మాటనే.

ఒక చిన్న పరీక్ష చేయండి. గురజాడ మాటలు తీసేసి “ఉత్త మాటలు మానెయ్, మంచి పని చెయ్” అని పెట్టండి. ఆ తర్వాత మీరు రాసిన రెండు వాక్యాలూ చెక్కుచెదరకుండా అలాగే నిలబడతాయి. కవి వాడిన మాటలను మీ వాక్యాలు అసలు ముట్టుకోలేదనడానికి అదే గుర్తు.

ఇప్పుడు ఆ మార్పుతో ఏమేం పోయాయో కాగితం మీద రాసుకోండి. విశ్లేషణకు సరుకు అక్కడే దొరుకుతుంది. ‘వట్టి’, ‘గట్టి’ అనే జంట పోయింది. ఆ రెంటికీ ఒక్క అక్షరమే తేడా, అర్థాలు మాత్రం ఎదురెదురు. ‘కట్టిపెట్టు’, ‘తలపెట్టు’ రెండూ ‘పెట్టు’తోనే ముగుస్తాయన్నదీ పోయింది. ఒకటి ఆపేయడం, ఇంకొకటి మొదలుపెట్టడం. అన్నిటికన్నా ముఖ్యం, ‘తలపెట్టు’ స్థానంలోకి ‘చెయ్’ వచ్చేసింది. తలపెట్టడమంటే పూనుకోవడం, పని పూర్తిచేయడం కాదు. మీ సారాంశం కవి మాటను కుదించడంతో ఆగలేదు, కొంచెం మార్చింది కూడా. భావం తిరిగి రాయడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే.

ఇక్కడ తొందరపడి “కవికి సంకల్పం ఉంటే చాలు” అని తేల్చేయకండి. తర్వాతి పంక్తి చూడండి: “పాడిపంటలు పొంగిపొర్లే దారిలో నువు పాటుపడవోయ్”. పూనుకోమన్న వెంటనే పాటుపడమంటున్నాడు. కట్టిపెట్టు, తలపెట్టు, పాటుపడు: ఈ మూడు క్రియలూ ఒకదాని తర్వాత ఒకటి మెట్లలా వస్తున్నాయి. మీ పేరా నిరూపించాల్సిన ప్రతిపాదన ఇదే కావచ్చు. దాన్ని మొదటి వాక్యంలోనే పెట్టండి. “గొప్ప సందేశమిచ్చారు” అన్న వాక్యం ఏ గేయానికైనా సరిపోతుంది కాబట్టి తీసేయండి. చివరి వాక్యం కూడా గేయాన్ని వదిలి కవి మనసులోకి వెళ్లింది, దానికి ఈ పంక్తిలో ఆధారం లేదు.

తిరగరాస్తే ఇలా ఉండొచ్చు:

> ‘దేశభక్తి’ గేయం మాటల నుంచి చేతలకు ఒక్క గెంతులో దూకమనదు, మెట్టు మెట్టుగా నడిపిస్తుంది. “వట్టి మాటలు కట్టిపెట్టోయ్, గట్టి మేల్ తలపెట్టవోయ్” అన్నచోట ‘వట్టి’కీ ‘గట్టి’కీ ఒక్క అక్షరమే తేడా. ఉత్త మాటలు వినడానికి మేలుకు దగ్గరగానే ఉండి, అర్థంలో దానికి ఎదురు నిలుస్తాయి. రెండు క్రియల్లోనూ ఉన్న ‘పెట్టు’ ఆపడాన్నీ ఆరంభించడాన్నీ ఒకే పనికి రెండు కొసలుగా కలుపుతుంది. అయితే ‘తలపెట్టు’ ఆరంభాన్నే సూచిస్తుంది. శ్రమ తర్వాతి పంక్తిలో ‘పాటుపడవోయ్’తో వస్తుంది. దేశభక్తి ఇక్కడ ఒక భావోద్వేగంగా కాక, వరుసగా చేయాల్సిన పనిగా కనిపిస్తుంది.

గమనించండి, పూర్తి పంక్తిని ఒక్కసారే ఉదహరించాం. ఆ తర్వాత ఏ మాట గురించి చెబుతున్నామో ఆ మాటనే కొటేషన్లలో పెట్టాం. వివరణ మాటకు అంటుకుని ఉండాలంటే ఇదే సులువైన దారి. రెండు మూడు మాటలు చాలు. ‘మేల్’, ‘ఓయ్’ గురించి కూడా రాయొచ్చు, కానీ ఈ ప్రతిపాదనకు అవి అవసరం లేదు.

భావం చెప్పడం మానేశాక చాలామంది ఇంకో గుంటలో పడతారు: “ఇక్కడ ప్రాస ఉంది, అందువల్ల పంక్తి అందంగా ఉంది” అని రాసి ఆపేస్తారు. అలంకారానికి పేరు పెట్టడం విశ్లేషణ కాదు, అది అర్థాన్ని ఎటు తిప్పిందో చెప్పాలి. అలాగని “ట్ట శబ్దం సుత్తి దెబ్బలా వినిపిస్తుంది” అనీ రాయకండి. గేయంలో సుత్తి లేదు. వట్టి, గట్టి పోలిక నిలబడేది శబ్దం, అర్థం రెండూ పంక్తిలోనే కనిపిస్తున్నాయి కాబట్టి.