ఫోటోలో 12 పుల్లలు కనిపిస్తుంటే రిపోర్టులో 1+ ఏమిటి?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్ళు. నెల రోజులుగా దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. టీబీ కోసం చేసిన తెమడ పరీక్షలో మొదటి శాంపిల్‌కి 1+, మర్నాడు పొద్దున ఇచ్చినదానికి స్కాంటీ 6 అని వచ్చింది. ల్యాబ్‌లో పనిచేసే మా బావ మొదటి స్లైడును మైక్రోస్కోపులోంచి ఫోన్‌తో ఫోటో తీసి పంపాడు. అందులో ఎర్రటి పుల్లలు 12 లెక్కపెట్టాను. పది దాటితే 3+ అని నెట్‌లో చదివాను. రిపోర్టు తప్పా? ఒక్కరోజులో క్రిములు తగ్గిపోయాయా? మందులు ఇంకా మొదలుపెట్టలేదు.

జవాబు: ఆ ఫోటోను బట్టి రిపోర్టు తప్పని అనలేం. మీరు చూసింది ఒక్క ఫీల్డు. నూనె చుక్క వేసి చూసే 100 రెట్ల లెన్సు కింద ఒక్కసారికి కంటికి ఆనే గుండ్రటి మేరనే ఫీల్డు అంటారు. దాని అడ్డుకొలత 0.2 మిల్లీమీటర్లకు మించదు. స్లైడు మీద తెమడ పూత 2 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. లెక్క కడితే ఒక్క పూతలోనే అలాంటి ఫీల్డులు సుమారు 20 వేలు పడతాయి. ఫోటో తీసేవాళ్ళు ఎవరైనా క్రిములు బాగా దొరికిన చోటే తీస్తారు. మీ బావగారూ అలాగే తీసి ఉంటారు.

ముందు ఆ 12 సంగతి చూద్దాం. టీబీ క్రిమి గోడలో మైనం లాంటి కొవ్వు పదార్థం ఉంటుంది. కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్రరంగు పోసి, ఆవిరి వచ్చేదాకా కిందనుంచి వేడి చేస్తే రంగు ఆ గోడలోకి దిగుతుంది. తర్వాత 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగినా అది వదలదు. చీముకణాలూ మామూలు బ్యాక్టీరియా రంగు వదిలేస్తాయి కాబట్టి, చివర్లో వేసే మిథిలీన్ బ్లూ వాటికి పడుతుంది. అందుకే నీలం మీద ఎర్రటి పుల్లలు కనిపిస్తాయి. అయితే ఎర్రగా ఉన్నదల్లా క్రిమి కాదు.

మీ ఫోటోలో ఎడమవైపు విడివిడిగా ఉన్న నాలుగు సన్నటి పుల్లలు క్రిముల్లాగే ఉన్నాయి. కొంచెం వంపు తిరిగి, రెండింటిలో రంగు పూసల్లా తెగితెగి కనిపిస్తోంది. పక్కనున్న చీముకణంతో పోల్చితే పొడవు దాదాపు మూడోవంతు. చీముకణం 10 నుంచి 12 మైక్రాన్లు ఉంటుంది, టీబీ క్రిమి 1 నుంచి 4 మైక్రాన్లు, కాబట్టి కొలత కుదిరింది. మధ్యలో రెండు ఒకదానికొకటి ఆనుకుని మూల తిరిగి ఉన్నాయి, అవీ క్రిములే. కింద చిన్న గుంపులో మూడు ఉన్నట్టుంది. మొత్తం తొమ్మిది.

మిగతా మూడింటి మీద నాకు అనుమానం. కుడి అంచున ముదురు ఎరుపులో ఉన్న రెండింటికి అంచులు గరుకుగా ఉన్నాయి, ఒకటి చీముకణమంత పెద్దది. రంగు వడగట్టకుండా వాడినా, వేడి చేసేటప్పుడు స్లైడు మీద ఎండిపోయినా మిగిలే గడ్డలు ఇలాగే ఉంటాయి. పైన మెరుస్తున్న గీత పోగో, గాజు మీది గీరుడో కావచ్చు. మైక్రోస్కోపు దగ్గరుంటే దీన్ని తేల్చడం తేలిక. ఫైన్ ఫోకస్ మరను కాస్త అటూ ఇటూ తిప్పితే క్రిమి కణాలతోపాటే స్పష్టమవుతుంది, మురికి వేరే లోతులో స్పష్టమవుతుంది. ఫోటోలో ఆ మర తిప్పలేం. పైగా ఫోన్ కెమెరా రంగుల్ని తనకు తోచినట్టు సర్దేస్తుంది. అందుకే ఫోటో మీద నేను చెప్పే తొమ్మిదిని కూడా మీరు రిపోర్టుగా తీసుకోకండి.

ఇప్పుడు గ్రేడు. మీరు చదివిన నియమం నిజమే, కానీ సగమే చదివారు. ప్రతి ఫీల్డులోనూ పదికి మించి కనిపిస్తుంటే 3+. అలా కనీసం 20 ఫీల్డులు చూసి ఖాయం చేయాలి. ఫీల్డుకి 1 నుంచి 10 దాకా వస్తుంటే 2+, దానికి 50 ఫీల్డులు చూడాలి. అంతకంటే తక్కువగా ఉంటే 100 ఫీల్డులు చూసి మొత్తం కూడతారు: 10 నుంచి 99 వస్తే 1+, 1 నుంచి 9 వస్తే స్కాంటీ అని రాసి పక్కన ఆ సంఖ్య వేస్తారు. నూరింటిలో ఒక్కటీ లేకపోతేనే నెగెటివ్. ఆరమిన్ రంగు వేసి ఎల్‌ఈడీ మైక్రోస్కోపులో చూసే స్లైడుకి ఈ లెక్క వర్తించదు, దాని పట్టిక వేరు.

నాన్నగారి స్లైడుకి ఇది అన్వయించి చూడండి. మీ ఫోటోలోని ఫీల్డులో తొమ్మిది ఉన్నా, మిగతా 99 ఫీల్డుల్లో కలిపి 90 లోపు దొరికితే అది 1+ అవుతుంది. చాలా ఫీల్డులు ఖాళీగా ఉండి, ఒక్కచోట గుంపు తగలడం నేను తరచూ చూస్తుంటాను. తెమడలో క్రిములు పాలలో నీళ్ళలా కలిసిపోవు, చీము తునకల్లో గుంపులుగా ఉంటాయి.

రెండో శాంపిల్‌లో తగ్గడానికి కారణం కూడా అదే. మందు పడకుండా ఒక్క రాత్రిలో జబ్బు తగ్గదు. పుల్లతో చీము తునక తీసి పూసినప్పుడు ఒక గ్రేడు, ఉమ్మినీటి భాగం పూసినప్పుడు ఇంకో గ్రేడు రావచ్చు. 100 ఫీల్డులంటే మొత్తం పూతలో అర శాతమే. మిల్లీలీటరుకి అయిదు నుంచి పది వేల క్రిములు ఉంటేగానీ ఈ పరీక్షకు చిక్కవు. ఆ హద్దు దగ్గర ఉన్నవాళ్ళకి ఒక శాంపిల్ పాజిటివ్, మరొకటి నెగెటివ్ కూడా వస్తుంటాయి. నాన్నగారు పొద్దున ఇచ్చింది చిక్కగా, పసుపుపచ్చగా ఉందా, నోటిలోని ఉమ్మి మాత్రమే పడిందా అని బావగారిని అడగండి. రిజిస్టరులో శాంపిల్ ఎలా ఉందో రాసే గడి ఉంటుంది.

స్కాంటీ 6 అంటే "ఉందో లేదో" అని అర్థం కాదు, అదీ పాజిటివే. దాన్ని ఒంటరిగా చూసినప్పుడు మాత్రం నేనొక జాగ్రత్త పాటిస్తాను. ముందు చూసిన 3+ స్లైడు నూనె లెన్సుకు అంటుకునే ఉంటే, దాని క్రిములు తర్వాతి స్లైడు మీదికి చేరతాయి. స్లైడుకీ స్లైడుకీ మధ్య లెన్సు తుడవాలి, నూనె పుల్ల స్లైడుకు తగలకూడదు. నాన్నగారి విషయంలో మొదటి శాంపిల్ 1+, లక్షణాలూ తోడున్నాయి కాబట్టి ఆ అనుమానం నాకు లేదు.

గ్రేడు మీద వాదులాడేకన్నా ముందు కనుక్కోవాల్సింది ఒకటుంది. ఆ పుల్లలు టీబీవా, టీబీ కాని వాటి దగ్గరి బంధువులవా, మందుకు లొంగుతాయా అనేది ఈ రంగు చెప్పదు. అందుకు క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ చేయాలి. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి క్రిమి లొంగుతుందో లేదో ఆ పరీక్షే చెబుతుంది, మందుల ఎంపిక దాని మీద ఆధారపడుతుంది. 1+ వచ్చినా 3+ వచ్చినా ఈ పరీక్ష తప్పదు. ప్రభుత్వ టీబీ కేంద్రంలో ఇది ఉచితం. ఇప్పటిదాకా చేయకపోతే రేపే శాంపిల్ ఇప్పించండి. ఈలోగా నాన్నగారిని గాలి ఆడే గదిలో పడుకోబెట్టి, మాస్కు పెట్టించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

రిపోర్టుల కాగితాలు దాచిపెట్టండి. మందులు మొదలైన రెండు నెలలకు మళ్ళీ తెమడ చూస్తారు, అప్పుడు ఈ 1+ తో పోల్చాలి. ఆ రోజు కొద్దిగా కనిపించినా కంగారుపడొద్దు. చనిపోయిన క్రిములు కూడా ఇలాగే ఎర్రగా కనిపిస్తాయి. అప్పుడు మీ డాక్టరుని కల్చర్ పరీక్ష గురించి అడగండి. బతికిన క్రిములైతేనే అందులో పెరుగుతాయి.